పట్టికలోని చారలు కంప్యూటర్‌ను ఎలా తికమక పెడతాయి?

బూడిద రంగు ఒకటే. ఒక పేజీలో కంప్యూటర్ దాన్ని ఖాళీ కాగితం అనుకుంటుంది. ఇంకో పేజీలో అదే రంగును సిరా అనుకుని నల్లగా పులిమేస్తుంది. రంగులో తేడా ఏమీ లేదు, పేజీలో అది ఎంతమేర పరచుకుందన్న దగ్గరే తేడా. స్కాన్ చేసిన పట్టికల నుంచి అంకెలు రాబట్టే పనిలో ఉన్నవాళ్లు తలపట్టుకునే చోట్లలో ఇదొకటి.

సీనియారిటీ జాబితా కావచ్చు, మార్కుల జాబితా కావచ్చు, చాలా పట్టికలకు ఒకే ముస్తాబు ఉంటుంది. పైన ముదురు పట్టీ, దాని మీద తెల్ల అక్షరాల్లో శీర్షికలు. కింద వరస విడిచి వరసకు లేత రంగు. కంటికి ఇది ఎంతో సాయం. పేరు దగ్గర మొదలైన చూపు అదే వరసలో చివరి అంకె దాకా జారిపోకుండా వెళ్తుంది. అదే కాగితాన్ని స్కాన్ చేసి, ఇందులో పట్టిక ఎక్కడుందో, గళ్లు ఎక్కడున్నాయో కనిపెట్టమని ప్రోగ్రామ్‌కు ఇస్తే ఆ సాయమే అడ్డంకి అవుతుంది.

గీతల ఆధారంగా పట్టికను వెతికే పద్ధతుల్లో మొదటి మెట్టు బైనరైజేషన్. స్కాన్ బొమ్మలో ప్రతి చుక్కకూ, అంటే పిక్సెల్‌కు, 0 నుంచి 255 వరకు ఒక విలువ ఉంటుంది. 0 అంటే చిమ్మచీకటి, 255 అంటే తెలుపు. ఒక హద్దు పెట్టుకుని దానికి దిగువన ఉన్నదంతా నలుపు, ఎగువన ఉన్నదంతా తెలుపు అని తేల్చేయడమే బైనరైజేషన్. ఆ హద్దును ఎక్కడ పెట్టాలో లెక్కగట్టే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది జపాన్‌కు చెందిన నొబుయుకి ఓట్సు 1979లో ప్రచురించినది. పేజీలోని పిక్సెళ్లను రెండు గుంపులుగా విడగొట్టే ప్రతి హద్దునూ అది పరీక్షిస్తుంది. రెండు గుంపుల వాటాలను గుణించి, వాటి సగటు విలువల మధ్య తేడా వర్గంతో మళ్లీ గుణిస్తుంది. ఎక్కడ ఫలితం ఎక్కువ వస్తే అక్కడ హద్దు.

తెల్ల కాగితం, నల్ల అక్షరాలు మాత్రమే ఉన్న పేజీకి ఇది చక్కగా నప్పుతుంది. చారల పట్టికలో మాత్రం గుంపులు రెండు కావు, నాలుగు. ఎక్సెల్ 2007తో వచ్చిన మామూలు నీలం హెడర్‌ను బూడిదలోకి మారిస్తే విలువ 121 దగ్గర తేలుతుంది. వరసలకు తెలుపు కంటే పాతిక శాతం ముదురు బూడిద వేశారనుకుందాం, దాని విలువ 191. అక్షరాలు 20, కాగితం 255. ప్రింటులో, స్కానులో వచ్చే చిన్న తేడాలను పక్కన పెట్టి రెండు పేజీల లెక్క చూద్దాం.

మొదటి పేజీ నిండా పట్టికే. సగం తెలుపు, 45 శాతం బూడిద చారలు, 3 శాతం అక్షరాలు, 2 శాతం హెడర్. హద్దును హెడర్‌కూ బూడిదకూ మధ్య పెడితే ఓట్సు లెక్క సుమారు 1,280 వస్తుంది. బూడిదకూ తెలుపుకూ మధ్య పెడితే సుమారు 1,485. రెండోదే ఎక్కువ కాబట్టి బూడిద చారలన్నీ నల్లబడతాయి, వాటి మీది అక్షరాలు ఆ నలుపులో మునిగిపోతాయి. వరస విడిచి వరస మాయం. రెండో పేజీలో ఎక్కువ భాగం మామూలు రాత, మధ్యలో చిన్న పట్టిక. అక్కడ తెలుపు 82 శాతం, బూడిద 10, అక్షరాలు 6, హెడర్ 2. ఈసారి బూడిద పక్కన పెట్టిన హద్దుకు 2,450, హెడర్ పక్కన పెట్టిన హద్దుకు 3,030 వరకు వస్తుంది. చారలు తెల్లబడి అక్షరాలు నిక్షేపంగా మిగులుతాయి. ఒక పేజీ మీద పరీక్షించి బాగుందనుకున్న ప్రోగ్రామ్ మరుసటి పేజీలో బోల్తా కొట్టడానికి కారణం ఇదే.

హెడర్ సంగతి ఇంకా స్పష్టం. రెండు పేజీల్లోనూ అది నల్లటి దిమ్మగానే మారింది. గీతలు వెతికే ప్రోగ్రామ్ పొడవాటి అడ్డ నలుపు ఏది కనిపించినా గీత అంటుంది. ఎక్సెల్‌లో మామూలు వరస ఎత్తు 15 పాయింట్లు. అంగుళానికి 300 చుక్కల స్కానులో అది దాదాపు 62 పిక్సెళ్లు. అంత మందమున్న దిమ్మను అడ్డగీతగా లెక్కేసుకుంటే, దాని కింద నుంచే పట్టిక మొదలైందని తేలుస్తుంది. అంకెలన్నీ వస్తాయి కానీ ఏ నిలువు వరస దేనిదో చెప్పే శీర్షికలు ఉండవు. నా దృష్టిలో వరసలు పోవడం కంటే ఇదే పెద్ద నష్టం. వరస పోతే లెక్క తగ్గి తెలిసిపోతుంది. శీర్షిక పోతే ఎవరో ఊహించి పెడతారు, ఆ ఊహ తప్పినా బయటపడదు.

పేజీ మొత్తానికి ఒకే హద్దు వద్దు, ప్రతి పిక్సెల్‌కూ దాని ఇరుగుపొరుగును బట్టి వేరే హద్దు పెడదాం అనేది చాలామందికి వెంటనే తట్టే ఉపాయం. సవోలా పద్ధతి ఆ కోవలోనిదే. చుట్టుపక్కల సగటు ఎంత, హెచ్చుతగ్గులు ఎంత అని చూసి హద్దును నిర్ణయిస్తుంది. లేత చారలకు ఇది బాగానే పనిచేస్తుంది. ముదురు హెడర్ దగ్గర మాత్రం వింతగా ప్రవర్తిస్తుంది. అక్షరాలు లేని చోట హెచ్చుతగ్గులు లేవు కాబట్టి హద్దు సగటులో ఐదోవంతు తగ్గి 97 దగ్గరికి దిగుతుంది. 121 అంతకంటే ఎక్కువ, కాబట్టి ఆ చోటు తెల్లబడుతుంది. తెల్ల అక్షరాల పక్కన సగటూ హెచ్చుతగ్గులూ పెరిగి హద్దు 130 దాటుతుంది, అక్కడి నేల నల్లబడుతుంది. చివరికి మిగిలేది తెల్లటి పట్టీలో, ఒక్కో తెల్ల అక్షరం చుట్టూ నల్లటి మసక. అక్షరాలు చదివే ప్రోగ్రామ్‌కు అది దేనికీ పనికిరాదు.

నా అభిప్రాయంలో దారి వేరే ఉంది. హద్దు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న కంటే ముందు, నేల ఏది, రాత ఏది అని విడదీయాలి. ప్రతి పిక్సెల్ చుట్టూ 31 పిక్సెళ్ల చదరపు కిటికీ ఒకటి ఊహించుకోండి. అందులోని విలువలన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేర్చి సరిగ్గా నడిమి విలువను తీసుకుంటే, అది దాదాపు ఎప్పుడూ నేల విలువే అవుతుంది. ఎందుకంటే కిటికీలో అక్షరాలు ఆక్రమించే చోటు సగం కంటే బాగా తక్కువ. నేల ముదురుదైనా లేతదైనా ఈ మాట నిజమే. ఇలా తీసిన బొమ్మలో అక్షరాలు, సన్నగీతలు పోయి చారలు, హెడర్ మాత్రమే మిగులుతాయి. అసలు బొమ్మకూ దీనికీ మధ్య తేడాను గుర్తు చూడకుండా తీసుకుంటే మిగిలేది రాత ఒక్కటే. తెల్ల కాగితం మీది అక్షరానికి తేడా 235, బూడిద చార మీద 171, నీలం హెడర్‌లోని తెల్ల అక్షరానికి 134. నేలకు సున్నా దరిదాపు. ఇప్పుడు గుంపులు నిజంగా రెండే, కాబట్టి ఓట్సు పద్ధతి మళ్లీ నమ్మదగినదవుతుంది.

ఓపెన్‌సీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా మూడు మాటల్లో అయిపోతుంది:

```
bg = cv2.medianBlur(gray, 31)
diff = cv2.absdiff(gray, bg)
_, ink = cv2.threshold(diff, 0, 255,
    cv2.THRESH_BINARY + cv2.THRESH_OTSU)
```

కిటికీ కొలత 31 అన్నది శాసనం కాదు. అక్షరాల గీత మందానికి కొన్ని రెట్లు ఉండాలి, వరస ఎత్తు కంటే తక్కువ ఉండాలి. 300 చుక్కల స్కానుకు 31 సరిపోతే 200 చుక్కలకు 21 చాలు. హెడర్‌లో అక్షరాలు మరీ మందంగా, కిక్కిరిసి ఉంటే అవే కిటికీలో సగం దాటి నేలగా చలామణి అవుతాయి. అప్పుడు కిటికీని పెంచాలి. బూడిద చార మీద బూడిద అక్షరాలే ఉన్న పట్టికల్లో తేడా 70కి పడిపోయి ఓట్సు హద్దు కింద చిక్కుకుంటుంది. అక్కడ హద్దును చేత్తో 50 దగ్గర పెట్టక తప్పదు.

చారలను వదిలించుకున్నాక నేల బొమ్మను పారేయడం చాలామంది చేసే పని. అలా చేయకండి. గీతలు లేని పట్టికలో ఒక వరస ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఆధారం ఆ చారలే. పట్టిక వెడల్పునా నేల విలువల సగటు తీసుకుంటూ పైనుంచి కిందికి దిగితే 255 నుంచి 191కి, 191 నుంచి 255కి మారే మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఇది ఎక్కడ అక్కరకొస్తుందంటే, ఒక గడిలోని చిరునామా పొడవై రెండు లైన్లకు పాకినప్పుడు. అక్షరాల లైన్లను మాత్రమే చూసే ప్రోగ్రామ్ దాన్ని రెండు వరసలుగా చీల్చి, రెండోదాని మిగతా గళ్లు ఖాళీ అంటుంది. చార మాత్రం రెండు లైన్ల ఎత్తునా ఒకటిగానే సాగుతుంది కాబట్టి అది ఒకే వరస అని తేలిపోతుంది. 121 దగ్గర విడిగా నిలిచిన మెట్టు హెడర్‌ను పట్టిస్తుంది. చారలు చెప్పలేనిది ఒక్కటే. ఆఖరి వరస తెల్లదైతే దాని అడుగు కాగితంలో కలిసిపోతుంది. అక్కడ అక్షరాల అడుగునే హద్దుగా తీసుకోవాలి.

ఇదంతా బూడిద విలువలు చేతిలో ఉన్నప్పటి మాట. కొన్ని దస్త్రాలు స్కానర్‌లోనే నలుపు తెలుపుగా మారి వస్తాయి. లేత చార అప్పటికే చిన్న చిన్న నల్ల చుక్కల చల్లింపుగా మారిపోయి ఉంటుంది. మంచి లేజర్ ప్రింటు కూడా బూడిదను చుక్కలతోనే అచ్చు వేస్తుంది గానీ, బూడిదలో స్కాన్ చేస్తే కొద్దిపాటి మసకతో అవి కలిసిపోతాయి. నలుపు తెలుపు స్కానులో కలవవు. నాలుగైదు పిక్సెళ్ల కంటే చిన్న నల్ల ముక్కలను తుడిచేయడమే అక్కడ మిగిలిన దారి. దాని ప్రమాదం దశాంశ బిందువు. 300 చుక్కల స్కానులో అది చల్లిన చుక్క కంటే పెద్దదే. కానీ తక్కువ చుక్కల స్కానులో రెండూ ఒకే పరిమాణానికి వచ్చేస్తాయి. అప్పుడు 12.50 కాస్తా 1250 అవుతుంది.

పట్టిక ప్రోగ్రామ్‌కు ఇచ్చే ముందే తప్పును పసిగట్టడానికి సులువైన పరీక్ష ఒకటుంది. బైనరైజ్ చేసిన బొమ్మలో పట్టిక వెడల్పునా ప్రతి అడ్డ వరస పిక్సెళ్లలో నలుపు ఎంత శాతమో చూడండి. అక్షరాలున్న చోట అది మూడోవంతు దాటడం అరుదు. గీత ఉన్న చోట మూడు నాలుగు పిక్సెళ్ల ఎత్తు వరకు దాదాపు నిండుగా ఉంటుంది. 80, 90 శాతం నలుపు 60 పిక్సెళ్ల పాటు సాగితే అక్కడ ఒక చారో హెడరో మునిగిపోయినట్టే. అసలు ఎక్సెల్ ఫైలో, దాని నుంచి నేరుగా తీసిన పీడీఎఫ్‌ఓ దొరికే వీలుంటే ఈ పాట్లేవీ అక్కర్లేదు. పీడీఎఫ్‌లో ఆ చారలు రంగు నింపిన దీర్ఘచతురస్రాలుగా, కొలతలతో సహా ఉంటాయి. ముందు దాని కోసం అడగండి. దొరక్కపోతే, స్కాన్ చేసేవారిని కనీసం బూడిదలో 300 చుక్కలకు పెట్టమనండి. అంకెలు బయటికి వచ్చాక క్రమసంఖ్యల్లో ఎక్కడైనా వరస విడిచి వరస ఖాళీ పడిందేమో చూసి, మొత్తం ఇచ్చిన నిలువు వరసలను కూడి సరిచూసుకోండి.