ఫీజు కంపెనీ కడుతుంది సరే, బాండ్ ఎప్పటిదాకా?

ఉద్యోగం చేస్తూ చదువుకునేవారికి ఫీజు ఇచ్చే కంపెనీలున్నాయి. ఎంత ఇస్తారన్న వాక్యం దగ్గరే చాలామంది చదవడం ఆపేస్తారు. నా మటుకు నేను ఆ పాలసీని చివరి నుంచి, అంటే బాండ్ దగ్గర నుంచి చదవమంటాను.

ఒక పాలసీ ఇలా ఉందనుకుందాం. పర్మనెంటయి రెండేళ్లు నిండినవారు అర్హులు, ముందస్తు అనుమతి తప్పనిసరి. ట్యూషన్ ఫీజులో 75 శాతం, గరిష్ఠంగా 3 లక్షల రూపాయలు, సెమిస్టర్ పాసయ్యాక ఇస్తారు. చివరి చెల్లింపు అందిన రోజు నుంచి 24 నెలలు పనిచేయాలి.

అర్హతలో ఎక్కువమందిని దెబ్బతీసేది ముందస్తు అనుమతి. సీటు పోతుందేమోనని ముందే అడ్మిషన్ ఫీజు కట్టేస్తే ఆ రసీదు చెల్లకపోవచ్చు. రెండేళ్ల సర్వీసు దరఖాస్తు నాటికి నిండాలా, కోర్సు మొదలయ్యే నాటికా అన్నదీ చూసుకోవాలి.

రెండేళ్ల కోర్సుకు ట్యూషన్ ఫీజు 4 లక్షలైతే కంపెనీ వాటా 3 లక్షలు. మిగతా లక్ష మనదే. ‘ట్యూషన్ ఫీజు’ అని మాత్రమే రాసి ఉంటే పరీక్ష ఫీజు, పుస్తకాలు, ప్రయాణం కూడా మన నెత్తినే పడతాయి. పైగా మొదట మొత్తం మనమే కట్టాలి. సబ్జెక్టు తప్పితే ఆ సెమిస్టర్ డబ్బు ఆగిపోతుంది.

ఇక బాండ్. గడువు మొదలయ్యేది కోర్సులో చేరిన రోజు కాదు, చివరి చెల్లింపు నాడు. కాబట్టి 24 నెలలు అని కాగితం మీద ఉన్నా, రెండేళ్ల చదువు కలిపితే నాలుగేళ్లు కదలడానికి లేదు. అదే పదకొండు నెలల కోర్సయితే మూడేళ్లలో తేలిపోతుంది. రెండేళ్లలో ఉద్యోగం మారాలనుకునేవారికి పెద్ద డిగ్రీకన్నా ఆ చిన్న కోర్సే మేలు కావచ్చు.

మధ్యలో వెళ్లిపోతే ఎంత కట్టాలి? పనిచేసిన నెలలకు తగ్గింపు ఉంటే, 15 నెలల తర్వాత మానేసినవారికి మిగిలినవి 9 నెలలు. 3 లక్షల్లో 24కి 9 వంతులు, అంటే 1,12,500 రూపాయలు. తగ్గింపు మాట లేకపోతే 3 లక్షలూ అడుగుతారు. ‘ఏ కారణం చేతనైనా’ అని రాసి ఉంటే, కంపెనీయే తీసేసినా వసూలు చేస్తామనే అవకాశం ఉంది. సంతకానికి ముందే దీన్ని హెచ్‌ఆర్‌తో మెయిల్‌లో తేల్చుకోవాలి.

బాండ్‌లు కోర్టులో నిలవవన్న ధీమా వద్దు. మూడేళ్లు నిండకుండా వెళ్లిన ఉద్యోగి 2 లక్షలు చెల్లించాలన్న విజయా బ్యాంక్ షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. అయితే భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. కంపెనీ కట్టిన ఫీజు రసీదుల నకళ్లు మన దగ్గరుంటే ఆ లెక్క తేల్చడానికి పనికొస్తాయి.