వేయి పున్నములు చూసిన అమ్మమ్మకు ఏమివ్వాలి?

మొన్న శ్రావణంలో మా అమ్మమ్మకు సహస్ర చంద్ర దర్శనం చేశాం. వచ్చిన కానుకలు లెక్కపెడితే పట్టుచీరలు నాలుగు, వెండి గ్లాసులు, కాళ్లు నొక్కే మెషిన్, అమెరికా మనవడు పంపిన ట్యాబ్. వారం తిరక్కుండానే కొన్ని బీరువాలోకి, మిగిలినవి అటక మీదికి చేరాయి.

అమ్మమ్మకు 83. చేతికర్ర ఉన్నా గడప దాటాలంటే పక్కన మనిషి కావాలి. శుక్లాల ఆపరేషన్ రెండు కళ్లకూ ఎప్పుడో అయింది. ఆ తర్వాత మాక్యులా దెబ్బతింది. అది రెటీనా నడిమధ్య ఉండే చిన్న భాగం. అక్షరం చదవాలన్నా, మొహం పోల్చుకోవాలన్నా అదే ఆధారం. అది పోతే చుట్టుపక్కలన్నీ కనిపిస్తాయి, చూడబోయిన చోటే మసక. అందుకే మాట్లాడుతున్నప్పుడు అమ్మమ్మ మన చెవి వైపు చూస్తుంది. ఎదురుగా నిలబడ్డా పలకరించలేదని అలిగి వెళ్లిన చుట్టాలున్నారు.

ఏం కావాలని అడిగితే ‘నాకేం కావాల్రా, కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని’ అంటుంది. అడిగి లాభం లేదని ఒక రోజంతా ఆమె దగ్గరే కూర్చున్నాను. పొద్దున్నే పంచాంగం తీసి కిటికీ వైపు తిప్పింది. అటూ ఇటూ వంచి చూసి పక్కన పెట్టేసి, ‘ఇవాళ ఏకాదశేనేమో చూడవే’ అని అత్తను కేకేసింది. సాయంత్రంలోగా అలా నాలుగుసార్లు. నాలుగోసారి అత్త విసుగు దాచుకోలేకపోయింది.

వెంటనే భూతద్దం కొనేశాను. డబ్బా మీద పది రెట్లని ఉంది. అదే నా తప్పు. అద్దం ఎంత ఎక్కువ పెద్దది చేస్తే అంత చిన్నగా ఉంటుంది, కాగితానికి అంత దగ్గరగా పట్టుకోవాలి. పది రెట్ల అద్దాన్ని రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో కదలకుండా ఉంచాలి. వణికే చేతితో అదెలా కుదురుతుంది? ఒక్కో అక్షరం మెరిసి మాయమయ్యేది. మూడో రోజున అది సొరుగులో కనిపించింది.

హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల చూపు మందగించినవాళ్ల కోసం లో విజన్ విభాగం ఉంటుంది. అక్కడ కళ్లజోడు నంబరు ఒక్కటే చూసి వదిలేయరు, ఏం చదవాలని అడుగుతారు. మేము పంచాంగమే పట్టుకెళ్లాం. లెక్క తేలికే. అమ్మమ్మ చదవగలిగిన అతి చిన్న అక్షరం పంచాంగం అక్షరానికి మూడింతలుంది. అయితే మూడు రెట్లు చాలవు, కాస్త ఎక్కువుంటేనే తడుముకోకుండా చదవగలరు. కాబట్టి నాలుగు రెట్లు. అద్దం మీద డయోప్టర్లలో రాసి ఉంటే దాన్ని నాలుగుతో భాగిస్తే చాలు, 16 అంటే నాలుగు రెట్లు. ఈ పరీక్ష తెలుగు అచ్చుతోనే చేయించాలి. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఎంతని? కింద వత్తు అసలు అక్షరంలో సగం కూడా ఉండదు. ఇంగ్లిష్ చార్టు చదివేసినవాళ్లు కూడా ఇక్కడ తప్పటడుగు వేస్తారు.

చివరికి ఇచ్చింది చేత్తో పట్టుకునేది కాదు. కాళ్లున్న స్టాండు అద్దం, లోపల చిన్న ఎల్ఈడీ. పేజీ మీద పెట్టి జరుపుకుంటూ పోవడమే, ఎత్తు దానికదే సరిపోతుంది. ఒక మెలిక ఉంది. దీన్ని చదివే కళ్లజోడు పెట్టుకునే వాడాలి. ‘అద్దం ఉందిగా’ అని జోడు తీసేస్తే మళ్లీ మసకే. మా అమ్మమ్మ రెండు రోజులు అదే చేసి, అద్దం పనికిరాదని తేల్చేసింది.

ఇక దీపం. అరవై దాటిన కంటిలో రెటీనాకు చేరే వెలుగు, ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతేనంటారు. పైకప్పు ట్యూబ్‌లైట్ మనకు చాలు, ఆమెకు చాలదు. మెడ వంగే టేబుల్ ల్యాంపు కొన్నాం. బల్బు కంట్లో కొట్టకుండా డొప్ప కిందికి దించి, కాస్త బాగా కనిపించే కన్ను వైపు పెట్టాం. రెండడుగుల దూరంలో ఉన్న దీపాన్ని ఒక అడుగుకు తెస్తే కాగితం మీద వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది. కరెంటు ఖర్చు మాత్రం పెరగదు.

అదే ఊపులో మంచం నుంచి బాత్‌రూమ్ దాకా, చీలమండ ఎత్తులో, మనిషి కదిలితే వెలిగే చిన్న దీపాలు మూడు బిగించాం. బాత్‌రూమ్‌లో ఆమె ఆసరాగా పట్టుకునేది తువ్వాలు ఆరేసే రాడ్డుని. ఒకరోజు అది ఊడి చేతికొచ్చింది. అదృష్టం బాగుండి నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడక్కడ గోడలోకి బోల్టులతో దింపిన స్టీలు పిడి ఉంది. ఇదేం కానుకని బావమరిది నవ్వాడు.

అద్దానికి చేయి అలవాటు పడటానికి పది రోజులు పట్టింది. కార్తీకంలో ఒక పొద్దున దీపం కింద పంచాంగం తెరిచి, అమ్మమ్మ ఎందుకో వెనక పేజీలకు వెళ్లింది. శ్రావణం దగ్గర ఆగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివి, నన్ను పిలిచింది.

‘ఏరా, మీరు నాకు సహస్ర చంద్ర దర్శనం చేసింది వర్జ్యంలోనట్రా!’