మొహం కార్డు చూపించాక ఏం చేయాలి?

జూన్‌లో బడులు తెరిచాక మొదటి రెండు వారాలు ఒకటో తరగతి టీచరుకు అక్షరాల కన్నా ఏడుపులతోనే ఎక్కువ పని. అమ్మ మీద బెంగతో గుమ్మం దాటని పాప ఒకరు, పలక ముట్టుకున్నారని పక్కవాణ్ని కొట్టే బాబు ఒకరు, ఎవరితోనూ మాట్లాడకుండా మూలన కూర్చునేవాళ్లు ఒకరిద్దరు. తమకేమవుతోందో చెప్పడానికి అయిదారేళ్ల పిల్లలకు మాటలు చాలవు. అందుకని కొన్ని బడుల్లో హాజరు వేళే ఓ చిన్న అలవాటు పెడుతున్నారు. పిల్లలు ఆ పూట తమకెలా ఉందో తెలిపే మొహం బొమ్మ కార్డు చూపిస్తారు. తర్వాత అందరూ కలిసి కాసేపు నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతారు. మొత్తం ఏడెనిమిది నిమిషాల పని.

మొదట కార్డుల సంగతి. బజారులో దొరికే చార్టుల్లో ఇరవై, ముప్పై మొహాలుంటాయి. ఒకటో తరగతికి అన్ని పనికిరావు. అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ ఎక్మన్ చెప్పిన ఆరు మూల భావాల్లో సంతోషం, కోపం, దుఃఖం మొహాలను పిల్లలు ముందుగా గుర్తుపడతారు. అసహ్యం మొహాన్ని మాత్రం ఈ వయసులో చాలామంది కోపంగానే పొరబడతారు. కాబట్టి సంతోషం, బెంగ, కోపం, భయం అనే నాలుగింటితో మొదలుపెడితే చాలు. వీటితో పాటు ‘ఒంట్లో బాగోలేదు’ అనే అయిదో కార్డు తప్పక ఉండాలి. ఆకలేసినా, నిద్ర చాలకపోయినా, కడుపు నొప్పి ఉన్నా ఆ కార్డు లేకపోతే పిల్లలు బెంగనో కోపాన్నో చూపిస్తారు. టీచరు లేని బాధను వెతుకుతూ కూర్చుంటారు. బొమ్మలు పిల్లలే గీస్తే మరీ మంచిది. ఏ బొమ్మ దేనికో వాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు.

చాలా తరగతుల్లో గోడ మీద చార్టు పెట్టి, పేరు రాసిన క్లిప్పును తగిన మొహం పక్కన తగిలించమంటారు. ఇందులో ఓ చిక్కుంది. ‘నువ్వు ఏడుపు దగ్గర పెట్టావు’ అని మధ్యాహ్నానికి ఎవరో ఒకరు వెక్కిరిస్తారు. మర్నాడు ఆ పిల్ల క్లిప్పు సంతోషం మీదికి వెళ్లిపోతుంది. అంతకన్నా ఒక్కొక్కరికి అయిదు కార్డుల కట్ట ఇచ్చి, టీచరు పేరు పిలిచినప్పుడు ఛాతీకి ఆనించి తనకే కనిపించేలా చూపించమనడం మేలు. ముప్పై మంది ఉన్నా మూడు నిమిషాల్లో అయిపోతుంది. ముందు టీచరు తన కార్డు చూపించాలి. ‘బస్సు ఆలస్యమైంది, నాకు కొంచెం కోపంగా ఉంది’ అంటే చాలు. పెద్దల ఇంటి కష్టాలు పిల్లల మీద వేయకూడదు.

అసలు పని కార్డు చూశాక ఉంటుంది. కోపం కార్డు చూసి ‘పొద్దున్నే కోపమేంటి?’ అన్నా, సంతోషం కార్డుకు ‘వెరీ గుడ్’ అన్నా పిల్లలు ఒక్క వారంలో పాఠం నేర్చుకుంటారు. ఇక రోజూ అందరూ సంతోషమే చూపిస్తారు. తరగతంతా వరుసగా ఒకే కార్డు చూపిస్తోందంటే పిల్లలందరూ హాయిగా ఉన్నారని కాదు, టీచరు ఏది కోరుతున్నారో వాళ్లకు తెలిసిపోయిందని అర్థం. ఏ కార్డుకైనా ‘సరే నాన్నా, చూశాను’ అన్న ఒకే జవాబు రావాలి. బెంగ, కోపం, భయం చూపినవాళ్లకు హాజరు పట్టీలో చిన్న చుక్క పెట్టుకుని, పిల్లలంతా రాతలో ఉన్నప్పుడు దగ్గరికెళ్లి అడగాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక బాబు వరుసగా మూడు సోమవారాలు కోపం కార్డు చూపించాడు. ‘ఎందుకు కోపం?’ అంటే ‘వాడు పెన్సిల్ తీసుకున్నాడు’ అన్నాడు. ‘ఎందుకు’ అని అడిగితే ఈ వయసు పిల్లలు ఎదురుగా కనిపించే కారణమే చెబుతారు. అందుకే టీచరు ప్రశ్న మార్చారు. ‘కోపం ఒంట్లో ఎక్కడుంది?’ అన్నారు. బాబు గొంతు పట్టుకున్నాడు. ‘పొద్దున ఇంట్లో ఎవరెవరున్నారు?’ అంటే ‘నాన్న రాత్రే బస్సెక్కాడు’ అన్నాడు. పట్నంలో పనిచేసే తండ్రి ఆదివారం రాత్రి తిరిగి వెళ్తున్నాడన్నమాట. అప్పుడు టీచరు బెంగ కార్డు పక్కన పెట్టి, ‘ఇదా, అదా, రెండూనా?’ అని అడిగారు. ఇది బెంగే అని తేల్చి చెప్పలేదు. బాబు రెండూ తీసుకున్నాడు. తర్వాత సోమవారాల్లో పలకలు పంచే పని వాడికిచ్చి, నాన్న వచ్చే శనివారాన్ని క్యాలెండర్‌లో వాడిచేతే గుర్తు పెట్టించారు. తండ్రి దూరం తగ్గలేదు. కానీ పెన్సిల్ గొడవకు బాబును శిక్షించాల్సిన అవసరం తప్పింది.

ఇక ఊపిరి. ఈ వయసు పిల్లలు మామూలుగా నిమిషానికి సుమారు 20 సార్లు ఊపిరి తీస్తారు. దాన్ని దాదాపు సగానికి తగ్గిస్తే చాలు. రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చి, నాలుగు అంకెలదాకా నోటితో వదలాలి. ఇలా అయిదుసార్లు చేస్తే అర నిమిషం. పిల్లలకు అంకెల కన్నా ‘మల్లెపువ్వు వాసన చూడండి, ఇప్పుడు వేడి పాలు చల్లార్చండి’ అంటే ఇట్టే అర్థమవుతుంది. వదిలే ఊపిరి పొడుగ్గా ఉండటానికి కారణముంది. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె కొంచెం నెమ్మదిస్తుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్ల వయసు పిల్లలు ఒక నిమిషం వీడియో చూస్తూ నెమ్మదిగా ఊపిరి తీసినా శరీరంలోని ఉద్వేగం తగ్గినట్టు తేలింది.

టీచర్లు తరచుగా చేసే పొరపాటు ‘గట్టిగా పీల్చండి’ అనడం. అప్పుడు పిల్లలు పోటీపడి భుజాలెత్తి, బుగ్గలు పూరించి గబగబా పీలుస్తారు. అలా పదిసార్లు చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. భుజాలు కదలకుండా పొట్ట మీద చెయ్యి మాత్రమే పైకి, కిందికి కదులుతుంటే సరిగ్గా చేస్తున్నట్టు. ఊపిరి బిగబట్టమనకూడదు. కళ్లు మూసుకోవడం ఇష్టమైనవాళ్లకే. ఆయాసం ఉన్న పిల్లలు చూస్తూ కూర్చున్నా ఫరవాలేదు.

ఊపిరిని శిక్షగా వాడటం ఇంకో తప్పు. వెక్కి వెక్కి ఏడుస్తున్న పిల్లకు ఆ క్షణంలో సూచనలు తలకెక్కవు. పక్కన కూర్చుని, మంచినీళ్లిచ్చి, ఏడుపు తగ్గాకే ‘పాలు చల్లారుద్దామా తల్లీ?’ అనాలి. రోజూ హాయిగా ఉన్నప్పుడు చేసిన అలవాటే అప్పుడు పనికొస్తుంది.

కార్డులతో తీరని విషయాలూ ఉన్నాయి. రెండు మూడు వారాలు వరుసగా భయమో బెంగో కనిపిస్తూ, తిండి తగ్గి, కారణం తెలియని కడుపు నొప్పి ఉంటే తల్లిదండ్రులతో మాట్లాడి డాక్టరుకు చూపించాలి. ఎవరైనా కొడుతున్నారనో, ముట్టుకుంటున్నారనో పిల్ల చెబితే అందరి ముందూ గుచ్చి గుచ్చి అడగకూడదు, ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకూడదు. లైంగిక వేధింపు అనుమానం ఉంటే పోలీసులకు తెలపడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. పిల్లల సహాయానికి 1098 నంబరుంది.

అలవాటు పనిచేస్తోందా లేదా అని దసరా సెలవుల నాటికి చూసుకోవచ్చు. తరగతి నిశ్శబ్దంగా ఉందా అన్నది కొలత కాదు. జూన్‌లో చెయ్యెత్తిన బాబు ఇప్పుడు ‘అడక్కుండా తీసుకున్నాడు టీచర్, నాకు కోపమొచ్చింది’ అని చెప్పగలుగుతున్నాడా అన్నదే చూడాలి.