నాలుగో అంతస్తుల దొరికిన ‘ర’

పోయినేడు ఒక ఇంటర్వ్యూకు పోయిన. ఎదురుంగ కూసున్న సారు మా తమ్ముడు ఏం చేస్తడని అడిగితే ‘ఊళ్లోనే షాపు పెట్టాడు’ అన్న. ఇంటికాడైతే ‘పెట్టిండు’ అంట. ‘పెట్టాడు’ అనమని నాకెవలూ చెప్పలే. గని రెండు మాటలు దాటంగనే ‘మొన్ననే పెండ్లి చేసుకుండు’ అని పాత మాటే నోట్లకెళ్లి జారింది. బస్సుల వచ్చుకుంట గదే ఆలోచించిన. ఇట్ల ఒకే మనిషి నోట్ల రెండు రూపాలు వస్తుంటే, ఏది ఎంత వస్తది, ఎందుకొస్తదని లెక్కవెట్టెటోళ్లు ఉన్నరా అని.

ఉన్నరు. అర్థం ఒక్కటే ఉండి, రూపాలు రెండుంటే, అవి మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి మారుతుంటే దాన్ని భాషాశాస్త్రంల వేరియబుల్ అంటరు. ‘పెట్టిండు – పెట్టాడు’ అట్లాంటిదే. దాన్ని కొలిచే పద్ధతి నాకు సమజైంది అమెరికాల జరిగిన ఒక పనితోని. మీకు గదే చెప్త.

1962 నవంబర్‌ల విలియం లబోవ్ అనే పరిశోధకుడు న్యూయార్క్‌ల మూడు పెద్ద బట్టల దుకాణాలకు పోయిండు. సాక్స్ అంటే డబ్బున్నోళ్లు పోయే దుకాణం. మేసీస్ నడిమి తరగతిది. క్లైన్ అగ్గువ ధరలది. ఆ ఊరోళ్లు కొందరు ‘ఫోర్త్ ఫ్లోర్’ అని ‘ర’ పలుకుతరు, కొందరు ‘ఫోత్ ఫ్లో’ అని మింగేస్తరు. కొలవాల్సిన వేరియబుల్ గా ‘ర’నే.

లబోవ్ చేసింది చూడనీకె మస్తు సులువు. నాలుగో అంతస్తుల ఏం అమ్ముతరో ముందే చూసుకున్నడు. కోటు, టై వేసుకొని కింద పనిచేసెటోళ్ల దగ్గరికి పోయి, ఆడోళ్ల చెప్పులు ఎక్కడుంటయని అడిగిండు. ‘ఫోర్త్ ఫ్లోర్’ అని జవాబొచ్చేది. ఇనపడనట్టు కొంచెం ముందుకు వంగి ‘ఏమన్నరు?’ అనేటోడు. వాళ్లు ఈసారి నొక్కి మళ్లొకసారి చెప్పేటోళ్లు. ఇగ పక్కకు పోయి, వాళ్లకు కనపడని జాగల నిలవడి రాసుకున్నడు. ఒక్కొక్క మనిషి దగ్గర ‘ర’ పలకాల్సిన జాగలు నాలుగు: ‘ఫోర్త్’ల ఒకటి, ‘ఫ్లోర్’ల ఒకటి, మళ్ల నొక్కి చెప్పినప్పుడు ఇంకో రెండు.

ఈడ ఒక సంగతి గుర్తువెట్టుకోవాలె. ‘ర’ ఎన్నిసార్లు ఇనవడ్డదో మాత్రమే లెక్కవెడితే చాలదు. అది రావాల్సిన జాగలు ఎన్ని, వాటిల వచ్చింది ఎన్నిట్ల అని చూడాలె. లేకపోతే ఎక్కువ మాట్లాడెటోడే ఎక్కువ ‘ర’ పలికినట్టు కనపడ్తది. ‘నేను ఎప్పుడూ పెట్టాడు అనే అంట’ అని చెప్పెటోన్ని నమ్మకుండ, గంటసేపు ఇని నలబై జాగలల్ల ఎన్నిట్ల అన్నడో చూసుడు అన్నట్టు.

అట్ల మొత్తం 264 మందిని అడిగిండు. ‘ర’ అన్ని జాగల గానీ కొన్ని జాగల గానీ పలికినోళ్లు సాక్స్‌ల 62 శాతం, మేసీస్‌ల 51 శాతం, క్లైన్‌ల దాదాపు 20 శాతం. జీతాలు ఎక్కువ కాబట్టి అట్ల అనుకోకుండ్రి. మూడింట్ల పనిచేసెటోళ్లు ఎక్కువ మంది అమ్మేటోళ్లే. గని వాళ్లు రోజూ మాట్లాడే గిరాకీల అంతస్తును బట్టి వాళ్ల మాట మెట్లెక్కింది. సాక్స్‌ల సుత కింది అంతస్తుల కంటె ఖరీదైన బట్టలుండే పై అంతస్తుల ‘ర’ ఎక్కువ ఇనవడ్డది. ఒక్క దుకాణంల కూడా మెట్లున్నయన్నట్టు.

రెండోసారి నొక్కి చెప్పినప్పుడు ఏమైందో చూస్తే ఇంకా మజా ఉంటది. మేసీస్ వాళ్ల ‘ర’ మస్తు పెరిగింది. సాక్స్ వాళ్లది కొంచెమే మారింది, ఎందుకంటే మొదట్నే పలుకుతున్నరు. నడిమిల ఉన్నోళ్లకే ‘గిట్ల మాట్లాడితే మంచిది’ అనే ఆరాటం ఎక్కువ. ఇంటర్వ్యూల నా ‘పెట్టాడు’ గా తీరుదే.

మరి గా ‘ర’కు గొప్పతనం యాడికెళ్లి వచ్చింది? శబ్దంల అయితే లేదు. లండన్‌ల పెద్దోళ్ల మాటల ‘ర’ మింగుడే గొప్ప, పల్లెటూరి కొన్ని యాసలల్ల పలుకుడు మొరటు అనుకుంటరు. న్యూయార్క్‌ల సుత ఒకప్పుడు మింగుడే గొప్ప. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఉపన్యాసాలు ఇనుండ్రి, ‘ర’లు మాయమైతయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాలి మారింది. గదే శబ్దం, గదే ఊరు, విలువ తలకిందులైంది.

దీన్ని కొలవనీకె లబోవ్ ఇంకో పని చేసిండు. టేపు మీద ఆడోళ్ల గొంతులు ఇనిపిచ్చి, ‘ఈమెకు ఏ ఉద్యోగం వస్తది?’ అని అడిగిండు. టీవీల కనవడేదాని నుంచి కార్ఖానల పనిదాకా మెట్లున్నయి. ఒకే మనిషి గొంతు ‘ర’తోని ఒకసారి, ‘ర’ లేకుండ ఒకసారి వచ్చేది, అది ఒకే మనిషని ఇనేటోళ్లకు చెప్పలే. 18 నుంచి 39 ఏండ్ల వాళ్లంతా, ఒక్కరు తప్పకుండ, ‘ర’కే విలువిచ్చిండ్రు. అంతకంటె పెద్ద వయసోళ్లు అట్ల ఒక్క మాట మీద లేరు. ‘ర’ తామే మింగెటోళ్లు కూడా ‘ర’నే మెచ్చిండ్రు. నోరు ఒక దిక్కు, మనసొక దిక్కు.

ఇప్పుడు మార్పు జరుగుతున్నదని ఎట్ల తెలుస్తది? ఇరవై ఏండ్లు కూసుని చూసే ఓపిక ఎవలికీ ఉండది కాబట్టి, వయసులు పోల్చి చూస్తరు. పిల్లలల్ల ఎక్కువ, ముసలోళ్లల్ల తక్కువ ఉంటే రూపం పెరుగుతున్నదని. సాక్స్‌ల అట్లనే ఉన్నది, చిన్నోళ్లే ‘ర’ ఎక్కువ పలికిండ్రు. గని మేసీస్‌ల తలకిందులు: పెద్ద వయసోళ్లే ఎక్కువ. లబోవ్ ఏమన్నడంటే, నడిమి తరగతి మనిషి పై మెట్టు మీది చిన్నోళ్లను చూసి, నడి వయసుల తన మాట మార్చుకుంటడని. అంటే వయసు తేడా చూడంగనే ‘మారుతున్నది’ అనొద్దు. ఒక్కొక్క మనిషి జీవితంల మారుడు వేరు, ఊరు మారుడు వేరు.

ఇది తేల్చాలంటే కొన్నేండ్లకు మళ్ల పోవాలె. 1986ల జోయ్ ఫౌలర్ అనే పరిశోధకురాలు గదే పని మళ్ల చేసింది. క్లైన్ మూతబడ్డది కాబట్టి దాని జాగల మేస్ అనే దుకాణం తీసుకున్నది. ‘ర’ పెరిగింది నిజమే, గని నెమ్మదిగ. దుకాణాల వరుస మాత్రం గట్లనే ఉన్నది.

ఈ పద్ధతికి లోపాలున్నయి. టేపు లేదు, చెవినే నమ్ముకున్నడు. వయసు కంటితోని అంచనా. ఆ మనిషి ఏ ఊర్ల పుట్టిండో అడగలే. గని బదులుగ దొరికింది చిన్నది కాదు: తమ మాటను ఎవలో చూస్తున్నరని వాళ్లకు తెల్వదు. మైకు మూతికాడ వెడితే ఎవరైనా సక్కగ మాట్లాడ్తరు, నా లెక్క.

మొన్న నేను సుత బస్టాండుల ప్రయత్నం చేసిన. మొదలు తప్పే చేసిన, ‘కండక్టర్ యాడికి పోయిండన్నా?’ అని అడిగిన. ‘పోయిండు’ నేనే అందిస్తే, జవాబు గదే తీరుగ వస్తది. లబోవ్ ప్రశ్నల ‘ఫోర్త్ ఫ్లోర్’ లేనే లేదు, అది ఎదుటోడే చెప్పాలె. ఇగ ‘కండక్టర్ ఏడన్నా?’ అని మార్చిన. ఒకాయన ‘చాయ్ తాగ పోయిండు’ అన్నడు. ‘ఏందన్నా?’ అన్న. ‘చాయ్ తాగడానికి వెళ్లాడు’ అని నొక్కి చెప్పిండు. మూడో ఆయన మాత్రం మాట్లాడలే, చెయ్యెత్తి హోటల్ దిక్కు చూపిచ్చి ఊకున్నడు. ఆయన్ను ఏ గడిల రాయాల్నో తెల్వక కాయితం జేబుల వెట్టుకున్న.