పొడి చల్లితే పాము ఆగదు

తెనాలి దగ్గరి పల్లెలో మా అక్క వాళ్ల ఇంట్లో రెండేళ్ల కిందట ఒకే వానాకాలంలో రెండుసార్లు నాగుపాము కనిపించింది. మొదటిసారి దొడ్లో కట్టెల కుప్ప పక్కన. మర్నాడే బావ బజారుకెళ్లి పాముల మందని చెప్పి అమ్మే తెల్లపొడి రెండు ప్యాకెట్లు తెచ్చి, ఇంటి చుట్టూ ముగ్గుగీత లాగా చల్లాడు. ఇల్లంతా ఫినాయిల్ వాసన. రెండో వారంలో పాము ఏకంగా వంటింటి గడప మీదికి వచ్చింది. దాన్ని పట్టించాక వెళ్లి చూస్తే, ఆ తెల్లగీతలో పాము పాకిన మెలికల జాడ స్పష్టంగా ఉంది. అది గీత దగ్గర ఆగిందీ లేదు, పక్కకు తిరిగిందీ లేదు. నేరుగా దాటి వచ్చింది.

ఈ పొడుల్లో ఉండేది ఎక్కువగా కార్బాలిక్ ఆమ్లం, గంధకం, కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్. కొన్నింట్లో వెల్లుల్లి, లవంగం వంటి ఘాటు నూనెలు కలుపుతారు. మనకు ముక్కు మూసుకోవాలనిపిస్తే పాముకూ అలాగే ఉంటుందన్న నమ్మకం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. పాము వాసనను ప్రధానంగా నాలుకతో పట్టుకుంటుంది. నాలుక ఆడించినప్పుడల్లా గాలిలోని, నేలమీది వాసన కణాలు దానికి అంటుకుంటాయి. అంగిలిలో ఉన్న ప్రత్యేక అవయవం వాటిని పసిగడుతుంది. ఎలుక నడిచిన దారి ఏదో దానికి అలాగే తెలుస్తుంది. ఆ దారి మీద కొత్త వాసన ఒకటి ఎదురైనంత మాత్రాన అది గోడ అయిపోదు. అమెరికాలో గంధకం, నాఫ్తలీన్ కలిపి అమ్మే పొడిని పరిశోధకులు పాముల ముందు చల్లి చూశారు. పాములు దాని మీదుగానే వెళ్లిపోయాయి.

కార్బాలిక్ ఆమ్లం నేరుగా ఒంటిమీద పడితే పాము చచ్చిపోవచ్చు, నిజమే. మన చర్మమూ కాలుతుంది. పాకే పసిపిల్లలు, నేల పొడిచి తినే కోళ్లు ఉన్న ఇంట్లో దాన్ని చల్లడం ఎంతటి పనో ఆలోచించండి. ఇంకా ఘోరమైన అలవాటు ఒకటుంది. పొలానికి తెచ్చిన ఫోరేట్ గుళికలను పాములు రావని గోడల వెంట పోస్తారు. ఆ మందు ఎంత విషమంటే 2020 డిసెంబరు 31 నుంచి కేంద్రం దాన్ని దేశమంతటా నిషేధించింది. పాతవి ఇంట్లో ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే దయచేసి వాటి జోలికి పోకండి.

మరి పొడి చల్లాక పాము రాలేదని చాలామంది చెబుతారు కదా? సాధారణంగా మన ఇంట్లో కనిపించే పాము అక్కడ కాపురం ఉండదు. తిండి కోసమో, వేడికో, వానకో దారిన పోతూ తలదాచుకుంటుంది. మనం ఏమీ చేయకపోయినా మర్నాటికి వెళ్లిపోయే అవకాశమే ఎక్కువ. ఆ ఖ్యాతి పొడికి దక్కుతుంది. దాన్ని నమ్మి రాత్రిపూట టార్చి లేకుండా దొడ్లోకి వెళ్లడమే అసలు ప్రమాదం.

అక్కావాళ్లింట్లో రెండోసారి పామును పట్టిన కుర్రాడు దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించాక వెంటనే వెళ్లిపోలేదు. “అమ్మా, కోళ్లకు గింజలు ఎక్కడ వేస్తారు?” అని అడిగాడు. వంటింటి వెనక తూము పక్కన అని అక్క చూపించింది. “ఎలుకలు తిరుగుతున్నాయా?” “పందికొక్కులే ఉన్నాయి బాబూ, పునాది తవ్వేస్తున్నాయి.” “అయితే మీరు పామును పిలవలేదు గానీ, దానికి అన్నం వండిపెట్టారు” అన్నాడా కుర్రాడు. ఆ తర్వాత మేం చేసిన పనంతా ఆ మాట నుంచే మొదలైంది.

నాగుపాముకు ఎలుక ఇష్టమైన తిండి. రక్తపింజరకూ అంతే, జెర్రిపోతు సంగతి చెప్పనక్కరలేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, పాము బొరియ తవ్వుకోలేదు. ఎలుకో పందికొక్కో తవ్విన కలుగులో దూరుతుంది. అంటే ఎలుక దానికి తిండీ పెడుతుంది, ఇల్లూ కట్టిస్తుంది. అందుకే మొదటి పని ఎలుకల మీద. కన్నాలు మూయడం దానికి తర్వాతే. ఈ వరస తప్పితే కలుగులో ఉన్న పామును మనమే ఇంటివైపు నెట్టినట్టవుతుంది, లేదా ఎలుకలను గోడలోపల బంధించినట్టవుతుంది.

ఏ కలుగులో ఎలుక ఉందో తెలుసుకోవడానికి పొలంలో వాడే పద్ధతే ఇంటికీ పనికొస్తుంది. ఒక సాయంత్రం దొడ్లో కనిపించిన కలుగులన్నింటినీ దూరం నుంచి పారతో మట్టి కప్పి మూశాం. మొత్తం పదిహేడు. పొద్దున్నే చూస్తే ఆరు మళ్లీ తెరుచుకుని ఉన్నాయి. పక్కన తాజా మట్టి కుప్పలు. అవే పందికొక్కులు ఉన్న కలుగులు. నోరు నున్నగా ఉండి, బయట తాజా మట్టి లేకుండా, దగ్గర్లో కుబుసం కనిపిస్తే ఆ కలుగు పాము వాడుతున్నదేమో అని అనుమానించాలి. ఏ కలుగులోనైనా చెయ్యి పెట్టకూడదు. కర్ర పెట్టి కెలకడమూ తగదు.

ఆ ఆరింటిలో బ్రోమాడయోలోన్ ఎర పెట్టాం. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు వంటనూనె, 2 పాళ్లు 0.25 శాతం మందు పొడి. చేతికి తొడుగు వేసుకుని కలిపి, 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి, కలుగులో లోతుగా కర్రతో తోసి మట్టి కప్పాలి. ఇది తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు పడుతుంది. అందువల్లే మిగతా ఎలుకలకు ఎర మీద అనుమానం రాదు. జింక్ ఫాస్ఫైడ్ మందుతో వచ్చే చిక్కు అదే. మొదటి రాత్రి కొన్ని చస్తాయి, తక్కినవి ఆ ఎరను ముట్టవు. ఈ మందును ఇంటి లోపల పెట్టకూడదు. బయట చచ్చిన ఎలుక కనిపిస్తే కాకులో కుక్కలో తినకముందే పాతిపెట్టాలి. ఇంట్లో తిరిగే చిట్టెలుకలకు బోనులే వాడాం. అవి గోడ వెంట నడుస్తాయి కాబట్టి బోనును గోడకు ఆనించి పెట్టాలి. గది మధ్యలో పెట్టిన బోను ఖాళీగానే ఉంటుంది. వారం తర్వాత మళ్లీ కలుగులు మూసి చూస్తే ఒక్కటే తెరుచుకుంది. దానికి మళ్లీ ఎర పెట్టాం.

అయితే తిండి దొరికినంత కాలం కొత్త ఎలుకలు వస్తూనే ఉంటాయి. ఎలుక సుమారు మూడు వారాలకే పిల్లలను పెడుతుంది. కాబట్టి కోళ్ల మేతను మూత ఉన్న డబ్బాలోకి మార్చి, అవి తినగలిగినంతే పొద్దున వేసి, సాయంత్రానికి నేల ఊడ్చేయడం అక్క అలవాటు చేసుకుంది. అంట్లు తోమిన మెతుకులు తూము దగ్గర నిలవకుండా చూసింది. ఈ రెండూ మందుకంటే ఎక్కువ పని చేశాయన్నది నా అభిప్రాయం.

తర్వాత కట్టెల కుప్ప. గోడకు ఆనుకుని, నేల మీదే పేర్చిన కట్టెలు, వాటి మీద కొబ్బరి మట్టలు, పక్కన ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలు. కింద చీకటి, చల్లదనం, ఎలుకల గూళ్లు అన్నీ ఉన్నాయి. దీన్ని తీయడమే అన్నింటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని. పట్టపగలు, కాళ్లకు బూట్లు వేసుకుని, పొడుగాటి కర్రతో పైనుంచి ఒక్కొక్క వరసే లాగాం. అవతలివైపు పాము పోవడానికి దారి ఖాళీగా వదిలాం. కట్టెల కోసం అడుగున్నర ఎత్తున అరుగులాంటి చట్రం కట్టి, గోడకు దూరంగా పెట్టాం. కింద చూపు ఆరపార పోవాలి. ఇటుకలు అవసరం ఉన్నవాళ్లకు ఇచ్చేశాం.

కన్నాలు చివర. పాముపిల్ల అర సెంటీమీటరు పైచిలుకు సందులోంచి దూరగలదు, చిట్టెలుకా అంతే. వంటింటి వెనక తలుపు కింద నా పెన్సిలు అటునుంచి ఇటు దొర్లింది. రాత్రి లోపల దీపాలార్పి, బయట ఒకరు టార్చి వేస్తే వెలుతురు ఎక్కడెక్కడి నుంచి వస్తోందో కనబడుతుంది. తలుపులకు అడుగున రబ్బరు పట్టీ కొట్టించాం. తూముకు ఆరు మిల్లీమీటర్ల కళ్ల ఇనుప జాలీ బిగించాం, చెత్త అడ్డుపడితే తీసి కడిగేలా. పైపు చుట్టూ సందుల్లో ఉక్కుపీచు కూరి మీద సిమెంటు పూశాం, ఉత్త సిమెంటైతే పచ్చిగా ఉండగానే ఎలుక కొరికేస్తుంది. గోడలోని కన్నాల్లో ముందు కాగితం ఉండలు పెట్టి మూడు రాత్రులు చూశాం. కదలని వాటినే మూశాం.

ఇందులో ఒక పరిమితి ఉంది. కట్లపాము ఎలుకల కోసం మాత్రమే రాదు. బల్లులు, చిన్న పాములు, కప్పలు కూడా దాని తిండే. దీపం కిందికి పురుగులు, పురుగుల కోసం కప్పలు వస్తాయి కాబట్టి గుమ్మం ముందు రాత్రంతా లైటు వెలిగించకపోవడం మంచిది. అది రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, కాటు నొప్పి తెలియకపోవచ్చు కూడా. ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవాల్సిందే. ఒకవేళ కాటు వేస్తే కోయడం, కట్టడం, మంత్రం అంటూ ఆగకుండా, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి వెంటనే చేరాలి.

ఈ పనులకు వేసవి తొలి నెలలే తగిన సమయం. రక్తపింజర మే నుంచి పిల్లలను పెడుతుంది, నాగుపాము గుడ్లు వానలు మొదలయ్యే వేళకు పిల్లలవుతాయి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ మరణాల్లో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే జరిగాయి.

అక్క వాళ్లింట్లో ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. పొలం పక్క ఇల్లు కాబట్టి పాములు కనిపించకుండా లేవు. కిందటి ఆగస్టులో కంచె వెంట ఒక జెర్రిపోతు వచ్చింది. ఖాళీ దొడ్డిని దాటి, కట్టెల చట్రం కిందుగా పాకుతూ అవతలి చేలోకి వెళ్లిపోయింది. గడప దాకా ఏ పామూ రాలేదు.