అద్దె పెంపు నోటీసుకు జవాబు

బెర్లిన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఇంటి యజమాని నుంచి జర్మన్‌లో ఉత్తరం వస్తే, ఫోన్‌తో ఫొటో తీసి అనువదించుకోవడం మామూలే. జవాబు రాసేముందు అన్ని పేజీలూ ఫొటోల్లో పడ్డాయో లేదో చూసుకోవాలి. పెంపుకు చూపిన కారణం రెండో పేజీలో ఉండొచ్చు.

హీటింగ్ ఖర్చులు కలపని అద్దె మూడేళ్లుగా 800 యూరోలనుకుందాం. దాన్ని 960 చేస్తామని, సమ్మతిస్తూ సంతకం చేయమని మార్చి 12న నోటీసు అందింది. కంగారుపడి సంతకం పెట్టేయకండి. చుట్టుపక్కల అద్దెల స్థాయికి పెంచాలన్నా అద్దెదారు సమ్మతి కావాలి. దానికి మే 31 దాకా గడువుంది. పైగా బెర్లిన్‌లో ఇలాంటి పెంపు మూడేళ్లలో 15 శాతం మించకూడదు. అంటే 920 దాటదు. నగరం ప్రచురించే అద్దెల పట్టిక ప్రకారం అంత వస్తుందో లేదో కూడా చూడాలి.

పట్టిక ప్రకారం సరిపోతే, చిన్న వాక్యాల్లో రాయండి. అనువాదంలో అర్థం చెడదు: ‘మీ ఉత్తరం మార్చి 12న అందింది. జూన్ 1 నుంచి 920 యూరోల అద్దెకు సమ్మతిస్తున్నాను. మిగతా 40 యూరోలకు సమ్మతించడం లేదు. అది 15 శాతం పరిమితిని దాటుతోంది.’

తేదీ వేసి, సంతకం చేసి, నకలు దాచుకుని రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఈలోగా 960 కట్టడం మొదలుపెడితే, దాన్నే సమ్మతిగా లెక్కగట్టే ప్రమాదముంది.