కరెంటు ఒకచోట... మునక మరోచోట... పూడిక ఇంకోచోట
ఎగువన ఆల్మట్టి, దిగువన శ్రీశైలం: మధ్యలో దేవదుర్గ

దేవదుర్గ: ఆగస్టు వస్తే హూవినహెడగి వంతెన మీదే అందరి కళ్లూ. నారాయణపూర్‌లో గేట్లెత్తారన్న కబురు వస్తే చాలు, కృష్ణ ఒడ్డున పంపుసెట్లు పెట్టుకున్న రైతులు మోటార్లు విప్పుకుని గట్టెక్కించే పనిలో పడతారు. 2019 ఆగస్టులో వంతెన నీట మునిగింది. అవతలి ఒడ్డున ఉన్న షహాపుర వైపు రాకపోకలు తెగిపోయాయి. అదే ఏటిలో ఏప్రిల్, మే నెలల్లో నడిచి వెళ్లొచ్చు. తాగునీటికి ఎగువ నుంచి నీళ్లు వదలమని అడగాల్సి వస్తుంది.

దేవదుర్గ తాలూకాలో పెద్ద డ్యాం లేదు. కానీ ఇక్కడి ఏరు ఎప్పుడు పారాలో, ఎప్పుడు ఎండాలో ఎగువనున్న డ్యాంలే నిర్ణయిస్తాయి. ఇక్కడి నుంచి కిందికి పోయిన నీళ్లే జూరాల, శ్రీశైలం టర్బైన్లను తిప్పుతాయి. అందుకే ఏ డ్యాం మంచిది, ఏది చెడ్డది అన్న లెక్క తేల్చడానికి ఈ ఊరి కంటే అనువైన చోటు ఉండదు.

ఎత్తే అసలు కీలకం

నీటి కరెంటుకు కావాల్సినవి రెండే: ఎంత నీళ్లు, ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయి. ఒక టీఎంసీ నీళ్లు ఒక మీటరు ఎత్తు నుంచి పడితే, యంత్రాల్లో పోయే నష్టం తీసేసినా దాదాపు 70 వేల యూనిట్ల కరెంటు వస్తుంది. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే చాలు, ఏ డ్యాంనైనా కొలవొచ్చు.

ఆల్మట్టి దగ్గర నీళ్లు పడేది సుమారు 25 మీటర్లు. అంటే టీఎంసీకి 17 లక్షల యూనిట్ల పైచిలుకు. 2004-05లో మొదలైన అక్కడి విద్యుత్ కేంద్రం సామర్థ్యం 290 మెగావాట్లు. శ్రీశైలంలో పడే ఎత్తు 80 మీటర్లు దాటుతుంది కాబట్టి అదే టీఎంసీ అక్కడ 55 లక్షల యూనిట్లు ఇస్తుంది. కుడి గట్టున 770, ఎడమ గట్టున 900, మొత్తం 1,670 మెగావాట్లు.

మరి కృష్ణ పుట్టిన పశ్చిమ కనుమల్లోని కోయ్నా సంగతేమిటి? అక్కడ నీళ్లను సొరంగాల గుండా కొండకు పడమట దించుతారు. 450 మీటర్లకు పైగా ఎత్తు. ఒక్క టీఎంసీకి మూడు కోట్ల యూనిట్లు! కరెంటు ఒక్కటే కొలత అయితే కోయ్నాకు సాటి లేదు. కాకపోతే టర్బైన్ తిప్పిన ఆ నీళ్లు తిరిగి కృష్ణలోకి రావు, అరేబియా సముద్రం వైపు పోతాయి. మొదటి కృష్ణా ట్రిబ్యునల్ దీనికి ఏడాదికి 67.5 టీఎంసీల హద్దు పెట్టింది. దిగువ రైతుకు ఆ మేరకు నది తగ్గినట్టే. ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం అలా కావు. ఒకచోట టర్బైన్ తిప్పిన నీళ్లే కిందికి పోయి మరోచోట తిప్పుతాయి.

అయితే మధ్యలో కాలువకు మళ్లిన నీళ్లు మాత్రం కింది టర్బైన్‌కు చేరవు. నారాయణపూర్ కుడి కాలువలో లింగసుగూరు, దేవదుర్గ పొలాలకు పారే ఒక్కో టీఎంసీ, శ్రీశైలంలో రావాల్సిన 55 లక్షల యూనిట్లను తగ్గిస్తుంది. అందుకని కాలువ కట్టెయ్యాలని ఎవరూ అనరు. ఆ టీఎంసీ ఇక్కడ వేల ఎకరాల పైరును నిలబెడుతుంది. కానీ ఈ నీళ్లు ‘ఊరకే’ పారుతున్నవి కావని రెండు వైపులా గుర్తుంచుకోవాల్సిన మాట.

మునిగింది ఎంత?

తుంగభద్ర డ్యాం రాయచూరు జిల్లాలోని తెలుగు క్యాంపులకు ప్రాణం. సింధనూరు, మాన్వి వరి పొలాలన్నీ దాని ఎడమ కాలువ చలవే. కానీ కరెంటు లెక్కలో అది చిన్న డ్యాం. హొసపేట, హంపి, మునిరాబాద్ కేంద్రాలు అన్నీ కలిపినా 100 మెగావాట్లు. నిండితే నీళ్లు పరుచుకునేది మాత్రం 378 చదరపు కిలోమీటర్లు. శ్రీశైలం 600 చదరపు కిలోమీటర్లకు పైగా ముంచింది, అయినా కరెంటు దానికి పదహారు రెట్లు. తేడా నేల తీరులో ఉంది. శ్రీశైలం నల్లమల ఇరుకు లోయలో 145 మీటర్ల ఎత్తున లేచిన గోడ. తుంగభద్ర 49 మీటర్ల ఎత్తు, రెండు కిలోమీటర్లకు పైగా పొడవు. మైదానంలో కట్టే డ్యాం నీళ్లను పైకి కాదు, పక్కలకు పరుస్తుంది. పక్కల ఉండేవి పొలాలు, ఊళ్లు.

తుంగభద్ర కింద సుమారు 90 ఊళ్లు మునిగాయి. 50 వేల మందికి పైగా లేచిపోయారు. నారాయణదేవరకెరె నీళ్లలో కలిసిపోతే, అక్కడి జనం మరియమ్మనహళ్లిలో కొత్తగా ఊరు కట్టుకున్నారు. శ్రీశైలంలో వందకు పైగా గ్రామాలు, లక్ష మంది. ఈ సంఖ్యల కంటే ఊళ్లు ఖాళీ చేయించిన తీరు ఎక్కువ బాధించింది. 1981 జూన్‌లో ‘ఆపరేషన్ డిమాలిషన్’ పేరుతో ఇళ్లు కూల్చి మరీ పంపేశారు. వానాకాలం మొదట్లో తట్టాబుట్టా సర్దుకుని ఎక్కడికి పోతారు? నిర్వాసిత కుటుంబానికో ఉద్యోగం ఇస్తామంటూ 1986లో 98 నంబరు జీవో వచ్చింది. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఒక తరం ముసలిదైపోయింది.

ఆల్మట్టి కథ ఇంకా ముగియలేదు. మొదటి విడతలో బాగల్‌కోట పట్నమే కొంత మునిగి, పక్కన నవనగర లేచింది. ఇప్పుడు నీటిమట్టం 519.60 మీటర్లు, నిల్వ 123 టీఎంసీలు. దీన్ని 524.256 మీటర్లకు పెంచుకోవచ్చని బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ 2010లో చెప్పింది. ఐదు మీటర్లు కూడా కాదు. కానీ మైదానం కదా, ఆ కాస్త ఎత్తుకే 75 వేల ఎకరాలకు పైగా కొత్తగా మునుగుతాయి. ఎకరా తరి భూమికి రూ.40 లక్షలు, మెట్టకు రూ.30 లక్షలు ఇవ్వాలని కర్ణాటక మంత్రివర్గం 2025 సెప్టెంబరులో తీర్మానించింది. శ్రీశైలం నిర్వాసితులు ఈ రేటు వింటే ఏమనుకుంటారో!

తిప్పర్లతో తరగని మట్టి

డ్యాం కట్టిన మొదటి రోజు నుంచే నిండడం మొదలవుతుంది, నీళ్లతో కాదు, మట్టితో. పారే నీరు నిలిచిన నీటిని తాకగానే వేగం పోయి, మోసుకొచ్చిన బరువు దించేస్తుంది. ముతక ఇసుక జలాశయం ఎగువ కొసన పడుతుంది. మెత్తటి బంకమన్ను గోడ దాకా వచ్చి కూర్చుంటుంది. అందువల్ల పూడికంతా గోడ అడుగునే ఉందనుకుని అడుగు తూములు తెరిస్తే పోతుందన్న ఆశ ఫలించదు. చాలా భాగం పది, ఇరవై కిలోమీటర్ల పైనే ఉంటుంది.

ఎంత పూడిందో తెలుసుకోవడానికి పడవ మీద నుంచి శబ్దతరంగాలతో లోతు కొలుస్తారు. లేదా ఒక్కో నీటిమట్టం దగ్గర నీళ్లు ఎంత మేర పరుచుకున్నాయో ఉపగ్రహ చిత్రాల్లో చూసి పాత లెక్కతో పోలుస్తారు. పద్ధతి మారితే అంకె మారుతుంది. తుంగభద్ర 1953లో 133 టీఎంసీలు. 2008 సర్వేలో 100.8గా తేలింది. 2016 సర్వేలో 105.8 వచ్చింది. మట్టి తగ్గిందని కాదు, కొలత వేరు. వాటాలు ఆ అంకె మీదే ఆధారపడి ఉన్నాయి కనుక రాష్ట్రాల మధ్య తగవు సహజం. శ్రీశైలం 308 టీఎంసీలతో మొదలై ఇప్పుడు 215.8 దగ్గర ఉంది. పోయిన 92 టీఎంసీలంటే తుంగభద్రలో ఇప్పుడున్నదానికి కాస్త తక్కువ!

తవ్వి తీయలేమా అని ప్రతి ఎండాకాలం అడుగుతుంటారు. ఒక్క టీఎంసీ మట్టి అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే తిప్పరుకు 28 లక్షల ట్రిప్పులు. రోజుకు వెయ్యి తిప్పర్లు తోలినా ఏడున్నరేళ్లు పైన. తీసిన దాన్ని అడుగు మందాన పరిస్తే 23 వేల ఎకరాలు కావాలి. అదీ ఒక్క టీఎంసీకే. పూడిన జలాశయాన్ని తవ్వడం కంటే గంగావతి దగ్గర నవలిలో మరో జలాశయం కట్టాలన్న ప్రతిపాదన రావడానికి కారణమిదే. అక్కడ కూడా మళ్లీ పొలాలే మునగాలి.

ఇసుక ఎక్కడికి పోయింది?

పైన ఆగిన మట్టి కింద ఉండదు. ఆల్మట్టి, నారాయణపూర్ రెండూ దాటి దేవదుర్గ దాకా ముతక ఇసుక రావడం కష్టం. భీమ నది కలిసేది ఇక్కడికి కిందన. కాబట్టి ఈ దరిన ఏటికి కొత్త ఇసుక ఇచ్చేవి చిన్న వాగులే. అయినా ట్రాక్టర్లు, తిప్పర్లు రాత్రింబగళ్లు తోడుతూనే ఉన్నాయి. అది పంట కాదు, పోసిన చోట మళ్లీ మొలవడానికి. ఇసుక పోయిందని ఎలా తెలుస్తుంది? నిన్నటి దిబ్బ ఉన్నచోట రాతి పలక తేలుతుంది. ఒడ్డున బావుల్లో నీరు త్వరగా దిగిపోతుంది. మోటారు పైపు ఏటేటా కిందికి దించాల్సి వస్తుంది.

ఇదే నష్టం నది కొసన సముద్రం ఒడ్డున ఇంకా పెద్దది. కృష్ణా డెల్టాకు చేరే ఒండ్రు 1960ల చివర్లో ఏడాదికి 90 లక్షల టన్నులు ఉండేది. 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయిందని పరిశోధకులు లెక్కగట్టారు. దివిసీమ దగ్గర సముద్రం తీరాన్ని కొరుక్కు తింటోంది. నేలను నిలబెట్టే ఒండ్రు శ్రీశైలం, సాగర్, ఆల్మట్టి అడుగున ఉంది.

నిండిన డ్యాం, కింద ఊరు

దేవదుర్గకు అన్నిటికంటే దగ్గరి సమస్య మాత్రం వరదే. కరెంటుకు, కాలువకు డ్యాం నిండుగా ఉండాలి. వరద ఆపడానికి ఖాళీగా ఉండాలి. రెండూ ఒకేసారి కుదరవు. జులై చివరికే ఆల్మట్టి నింపేస్తే, ఆగస్టులో కోయ్నా, పంచగంగ వైపు కుండపోత కురిసినప్పుడు వచ్చిన నీళ్లు వచ్చినట్టే వదలాలి. నారాయణపూర్ చిన్నది. మొదట 38 టీఎంసీల దాకా ఉన్నది పూడికతో 33కు తగ్గింది. ఆపి నెమ్మదిగా వదిలే ఓపిక దానికి లేదు. 2019లో ఎగువ సాంగ్లి, కొల్హాపూర్ మునిగిన వారంలోనే ఇక్కడి వంతెన మునగడం యాదృచ్ఛికం కాదు.

ఎత్తు పెంచితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఇక్కడ రెండు జవాబులు వినిపిస్తున్నాయి. కాలువ చివరి రైతు, అదనంగా నిల్వ చేసే నీళ్లలో తన వాటా అడుగుతున్నాడు. ఏటి ఒడ్డు రైతు అడిగేది వేరు: ఆగస్టు పదిహేను దాకా ఆ పై ఐదు మీటర్లు ఖాళీగా ఉంచుతామని రాసిస్తారా? అలా ఉంచితే కొన్ని వారాల కరెంటు తగ్గుతుంది, వానలు వెనకడుగు వేస్తే జలాశయం నిండకపోనూ వచ్చు. ట్రిబ్యునల్ తీర్పు ఇంకా గెజిట్‌కు ఎక్కలేదు, సుప్రీంకోర్టులో కేసు నడుస్తూనే ఉంది. ఈలోగా హూవినహెడగి దగ్గర పోలీసులు ప్రతి ఆగస్టులో వంతెనకు అడ్డంగా బారికేడ్లు పెడుతూనే ఉన్నారు.